నూటికి ఒక్క ఇల్లు: అమ్మకాల అంచనాను బ్యాంకు అధికారి చదవాల్సిన తీరు



కొత్తగా వ్యాపారం పెట్టబోయేవాళ్లు అప్పు కోసం బ్యాంకుకు తెచ్చే ప్రాజెక్ట్ రిపోర్టులో చాలా కాగితాలుంటాయి. యంత్రాల ధరకు కొటేషన్ జత చేస్తారు. షెడ్డు అద్దెకు ఒప్పంద పత్రం ఉంటుంది. కరెంటు ఖర్చును విద్యుత్ సంస్థ టారిఫ్‌తో సరిచూసుకోవచ్చు. జీతాలకు ఊళ్లో నడుస్తున్న రేటు ఉంటుంది. ఒక్క అమ్మకాల అంకెకు మాత్రం వెనక ఏ కాగితమూ ఉండదు. అయినా రిపోర్టు మొత్తం నిలబడేది ఆ అంకె మీదే. లాభం దాన్నుంచే వస్తుంది, వాయిదాలు కట్టే శక్తి దాన్నుంచే తేలుతుంది, వర్కింగ్ క్యాపిటల్ ఎంత ఇవ్వాలన్నదీ దాన్నిబట్టే నిర్ణయమవుతుంది. ఎక్కువ బరువు మోసే స్తంభానికే పునాది తక్కువన్నమాట. ఆ స్తంభాన్ని అధికారి ఎలా తట్టి చూడాలి, ఎక్కడ బోలుగా మోగుతుంది అన్నదే ఈ రోజు ప్రసంగ విషయం.

ముందే నా అభిప్రాయం చెబుతాను. నమ్మలేని అంచనాలు అబద్ధాలు చెప్పేవాళ్ల దగ్గర నుంచే వస్తాయనుకోవడం పొరపాటు. ఎక్కువసార్లు నిజాయితీపరులే వాటిని రాస్తారు, రాసింది మనస్ఫూర్తిగా నమ్ముతారు. వాళ్లు అమ్మకాలను ఒకే పెద్ద అంకెగా చూస్తారు. ఆ అంకె నిజం కావాలంటే ఏ రోజు, ఏ మనిషి, ఎన్నిసార్లు, ఏ పని చేయాలన్నది విడదీసి చూసుకోరు. కాబట్టి అధికారి చేయాల్సింది ఆ అంకె పెద్దదా చిన్నదా అని వాదించడం కాదు. దాన్ని రోజువారీ పనులుగా విడగొట్టాలి. అప్పు తీరడం వాటిలో ఏ ఒక్కదాని మీద ఆధారపడి ఉందో కనిపెట్టాలి. ఆ ఒక్కదానికి రుజువు అడగాలి. ఇది పైపైన చెబితే తేలిగ్గా అనిపిస్తుంది, చేయబోతేనే దాని లోతు తెలుస్తుంది. అందుకని ఒక నమూనా ప్రణాళికను తీసుకుని మొదటి నుంచి చివరిదాకా లెక్క వేసి చూద్దాం. అంకెలు తక్కువే చెబుతాను, నెమ్మదిగా చెబుతాను.

విజయవాడ శివార్లలో ఇడ్లీ, దోసె పిండి తయారుచేసి కిలో ప్యాకెట్లలో కిరాణా షాపులకు వేసే యూనిట్ అనుకుందాం. గ్రైండర్లు, చల్లటి గది, ప్యాకింగ్ యంత్రం, ఒక డెలివరీ వ్యాన్ కొనడానికి 40 లక్షల టర్మ్ లోన్ కావాలి. ప్యాకెట్ మీద ముద్రించే ధర 80 రూపాయలు. రిపోర్టులో అమ్మకాల లెక్క ఇలా ఉంది. నగర జనాభా 10 లక్షలకు పైనే. ఇంటికి నలుగురు చొప్పున చూస్తే రెండున్నర లక్షల ఇళ్లు. అందులో నూటికి ఒక్క ఇల్లు మన పిండి కొన్నా చాలు, 2,500 ఇళ్లు. వారానికి ఇంటికి రెండు ప్యాకెట్లు, అంటే వారానికి 5,000. ఏడాదికి 2 లక్షల 60 వేల ప్యాకెట్లు. 80 రూపాయలతో గుణిస్తే 2 కోట్ల 8 లక్షలు. అది మొదటి ఏడాది అమ్మకం. ఏటా 25 శాతం పెరుగుదల వేసుకుంటే రెండో ఏడు 2 కోట్ల 60 లక్షలు, మూడో ఏడు 3 కోట్ల 25 లక్షలు. గుణకారాల్లో ఎక్కడా తప్పు లేదు. చదివినవాళ్లకు "నూటికి ఒక్క ఇల్లే కదా, పాపం చాలా తగ్గించి వేసుకున్నాడు" అనే అనిపిస్తుంది.

చిక్కంతా ఆ "నూటికి ఒక్కటి" దగ్గరే ఉంది. ఒకటి చిన్న అంకె కాబట్టి అది జాగ్రత్తగా వేసిన అంచనాలా కనిపిస్తుంది. కానీ ఆ ఒకటి ఎక్కడి నుంచి వచ్చింది? సగం ఎందుకు కాకూడదు, పావు ఎందుకు కాకూడదు? దానికి జవాబు రిపోర్టులో ఉండదు. జనాభా అంకె నిజమైనదే, ఇళ్ల లెక్క నిజమైనదే. ఆ రెండు నిజాల పక్కన కూర్చోవడం వల్ల మూడో అంకెకు కూడా నిజమన్న పేరు వచ్చేసింది. పైగా ఆ రెండున్నర లక్షల ఇళ్లూ పిండి లేక ఎదురుచూస్తున్నవి కావు. చాలా ఇళ్లలో గ్రైండర్ ఉంది. రాత్రి మినప్పప్పు నానబోసుకునే అలవాటు ఉంది. వీధి మలుపులో ఎప్పటికప్పుడు రుబ్బి కవర్లో పోసి ఇచ్చే చిన్న దుకాణం ఉంది, అక్కడ ధర తక్కువ. రిపోర్టులో పోటీ అనే శీర్షిక కింద రెండు మూడు పెద్ద బ్రాండ్ల పేర్లు రాస్తారు. అసలు పోటీ ఇంట్లోని గ్రైండరూ, వీధి చివర దుకాణమూ అన్న సంగతి ఆ శీర్షిక కింద కనిపించదు.

ఇప్పుడు ఇదే లెక్కను కింది నుంచి వేద్దాం. వారానికి 5,000 ప్యాకెట్లంటే రోజుకు సుమారు 714. ఈ 714 ప్యాకెట్లు ఎక్కడ అమ్ముడవుతాయి? ఫ్రిజ్ ఉన్న కిరాణా షాపుల్లో. ఊరూపేరూ తెలియని కొత్త పిండి ఒక్కో షాపులో రోజుకు 4 ప్యాకెట్లు పెట్టించుకోగలిగిందనుకుందాం. అలాగైతే సుమారు 178 షాపులు కావాలి. ఇక వ్యాన్ దగ్గరకు రండి. షాపు ముందు బండి ఆపాలి, పాత ప్యాకెట్లు తీసి చూడాలి, కవరు ఉబ్బినవీ తేదీ దాటినవీ వెనక్కి తీసుకోవాలి, కొత్తవి సర్దాలి, బిల్లు రాయాలి, డబ్బు వసూలు చేయాలి, తర్వాతి షాపుకు కదలాలి. ఇదంతా 10 నిమిషాల్లో అయిందంటే మనిషి చురుకైనవాడే. 40 షాపులకు 400 నిమిషాలు, అంటే ఆరు గంటల నలభై నిమిషాలు. తెల్లవారుజామున లోడు ఎక్కించే పని, తిరిగొచ్చాక లెక్క అప్పజెప్పే పని దీనికి అదనం. కాబట్టి ఒక వ్యాన్ రోజుకు 40 షాపులు తిరగగలదు. పిండి నాలుగైదు రోజులకు మించి నిలవ ఉండదు కాబట్టి ప్రతి షాపుకూ కనీసం రోజు విడిచి రోజు వెళ్లాలి. అంటే ఒక వ్యాన్‌తో మొత్తం 80 షాపులు. 80 షాపులకు నాలుగేసి, రోజుకు 320 ప్యాకెట్లు. రిపోర్టు చెప్పింది 714. కొంటామన్న వ్యాన్ ఒక్కటే. అమ్మకాల పేజీ రాసినవారూ, ఆస్తుల పేజీ రాసినవారూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదన్నమాట. రిపోర్టులో అసహజమైన అంచనాను పట్టుకోవడానికి ఇంతకన్నా సూటి దారి లేదు. అమ్మకాల అంకెను తీసుకెళ్లి అదే రిపోర్టులోని బళ్లూ, మనుషులూ, ఫ్రిజ్‌లూ, పని గంటల పక్కన పెట్టండి. అమ్మకాలు మూడేళ్లలో ఒకటిన్నర రెట్లయి, తిరిగే బండీ మనిషీ మాత్రం అలాగే ఉంటే, ఆ పెరిగిన సరుకును షాపులకు చేర్చేవాళ్లు లేనట్టే.

తర్వాతది ధర. రిపోర్టు ప్రతి ప్యాకెట్‌కూ 80 రూపాయలు వేసుకుంది. 80 వినియోగదారుడు షాపులో ఇచ్చే డబ్బు, యూనిట్ చేతికి వచ్చేది కాదు. షాపువాడికి 15 శాతం మిగలాలి, అది 12 రూపాయలు. మిగిలిన 68లో 5 శాతం జీఎస్టీ ఉంది, అది పోతే సుమారు 65. ఇక అమ్ముడుపోనివి వెనక్కి వస్తాయి. కొత్త సరుకును "మిగిలితే మీరే తీసుకెళ్లాలి" అన్న షరతు మీదే షాపువాడు పెట్టుకుంటాడు. నూటికి పది ప్యాకెట్లు వాపసు వస్తే, 100 తయారుచేసి 90కి డబ్బు అందుకుంటాం. అప్పుడు తయారైన ప్యాకెట్ ఒక్కింటికి చేతికొచ్చేది 58 రూపాయల 50 పైసలు. బియ్యం, మినప్పప్పు, కవరు కలిపి ప్యాకెట్‌కు 30 రూపాయల ఖర్చు. అది అమ్ముడైనదానికీ, పులిసి వెనక్కి వచ్చినదానికీ ఒకటే. కాబట్టి ప్యాకెట్ మీద నిజంగా మిగిలేది 28 రూపాయల 50 పైసలు. రిపోర్టు ప్రకారం 80లో 30 తీసేస్తే 50. ప్యాకెట్ల సంఖ్య దగ్గర జరిగిన పొరపాటు ఒకటి, ధర దగ్గర జరిగినది మరొకటి. ఈ రెండూ కూడికలా కలవవు, ఒకదాన్నొకటి గుణించుకుంటాయి. అంచనాలు పది, ఇరవై శాతం తేడాతో కాకుండా ఏకంగా మూడు నాలుగు రెట్లు తప్పడానికి కారణం అదే.

మూడో సంగతి కాలం. రిపోర్టులో 12 నెలలూ ఒకే ఎత్తున ఉంటాయి, ఏప్రిల్ ఒకటో తేదీనే 178 షాపులూ సిద్ధంగా ఉన్నట్టు. నిజంలో షాపులు ఒక్కొక్కటిగా ఒప్పుకుంటాయి. నెలకు పది చొప్పున కలిసొస్తే 80 షాపులు పూర్తవడానికి ఎనిమిది నెలలు పడుతుంది. అప్పుడు మొదటి ఏడాది సగటున చేతిలో ఉండేది 57 షాపులే. పిండికి రుతువు కూడా ఉంది. మే నెల ఎండల్లో పిండి త్వరగా పులుస్తుంది. షాపువాడు రాత్రి ఫ్రిజ్ ఆపేసినా, కరెంటు పోయినా వాపసు పెరుగుతుంది. వారంలోనూ రోజులన్నీ ఒకటి కావు. శనివారం రాత్రి ఒంటిపూట ఉండి టిఫిన్ చేసే ఇళ్లు, ఆదివారం ఉదయం దోసెలు వేసుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. ఈ ఎగుడుదిగుళ్లు తెలిసిన మనిషి రాసిన అంచనాలో అవి కనిపిస్తాయి. నెలనెలా ఒకే అంకె ఉన్న పట్టికను చూస్తే, రాసినవారు ఇంకా సరుకు అమ్మి చూడలేదని అర్థం చేసుకోవచ్చు.

ఈ మూడూ కలిపి ఫలితం చూద్దాం. మొదటి ఏడాది సుమారు 82,700 ప్యాకెట్లు, చేతికొచ్చేది 48 లక్షలు. రిపోర్టులో 2 కోట్ల 8 లక్షలు. నాలుగో వంతు కూడా కాదు. ఇక్కడితో చాలామంది ఫైలు మూసేస్తారు. అది కూడా పొరపాటే. అప్పిచ్చేవాడికి కావాల్సింది 2 కోట్లు వస్తాయా అన్నది కాదు, వాయిదా వస్తుందా అన్నది. జీతాలు, అద్దె, కరెంటు, డీజిల్, వర్కింగ్ క్యాపిటల్ మీద వడ్డీ అన్నీ కలిపి నెలకు లక్షా 60 వేలు, ఏడాదికి 19 లక్షల 20 వేలు అనుకుందాం. 82,700 ప్యాకెట్ల మీద మిగిలేది సుమారు 23 లక్షల 60 వేలు. ఖర్చులు పోతే 4 లక్షల 40 వేలు. 40 లక్షల అప్పు మీద పదిన్నర శాతం చొప్పున ఏడాది వడ్డీ 4 లక్షల 20 వేలు. అంటే మొదటి ఏడాది వడ్డీకి సరిగ్గా సరిపోతుంది, అసలు కట్టడానికి ఏమీ మిగలదు. రెండో ఏడాది 80 షాపులూ పూర్తిగా నడిస్తే లక్షా 16 వేల ప్యాకెట్లకు పైగా వెళతాయి. ఖర్చులు పోను 14 లక్షలు మిగులుతుంది. అసలూ వడ్డీ కలిపి కట్టాల్సింది ఏడాదికి సుమారు 10 లక్షలు. కట్టగలరు. మిగిలిన 4 లక్షలతో యజమాని ఇల్లు గడవాలి. ఇంటి ఖర్చన్నది రిపోర్టులో ఎక్కడా లేదని కూడా ఇక్కడే తెలుస్తుంది. చూశారా, 2 కోట్ల అంచనా నిలవలేదు గానీ, వ్యాపారం నిలిచింది. నిలవనిదల్లా ఆరు నెలల మారటోరియం తర్వాత అసలు కట్టడం మొదలుపెడతామని రిపోర్టులో రాసిన ఏర్పాటు. అంచనాను విడగొట్టడం వల్ల అప్పు పోలేదు, దాని ఆకారం తెలిసింది.

ఇంకో మెట్టు దిగాలి, అసలు సంగతి అక్కడుంది. ఏడాది ఖర్చు 19 లక్షల 20 వేలు, బ్యాంకుకు 10 లక్షలు, మొత్తం 29 లక్షల 20 వేలు. ప్యాకెట్‌కు మిగిలేది 28 రూపాయల 50 పైసలు. భాగిస్తే రోజుకు 280 ప్యాకెట్లు. షాపుకు నాలుగు చొప్పున 70 షాపులు. ఈ అప్పు తీరుతుందా లేదా అన్న ప్రశ్నకు ఇదే కొలత. ఇప్పుడు ఒక్క అంకె మార్చి చూడండి. షాపుకు నాలుగు కాకుండా మూడే వెళ్లాయనుకుందాం. 80 షాపులూ ఉన్నా రోజుకు 240 ప్యాకెట్లే. ఖర్చులు పోను ఏడాదికి మిగిలేది 6 లక్షల లోపు. కట్టాల్సింది 10 లక్షలు. ఒక్కో షాపులో రోజుకు ఒక్క ప్యాకెట్ తేడా, అంతే. ఆ తేడా ఒకవైపు ఉంటే మంచి ఖాతా, రెండోవైపు ఉంటే మొండి బాకీ. రిపోర్టులో 40 పేజీలుండవచ్చు, 200 అంకెలుండవచ్చు. అధికారి తన సమయాన్ని వాటన్నిటి మీదా సమానంగా పంచితే దేన్నీ లోతుగా చూడలేడు. షాపుకు నాలుగా, మూడా? ఆ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే మిగతావి వాటంతట అవే తేలతాయి.

దానికి జవాబు కాగితం మీద దొరకదు, షాపు ఫ్రిజ్‌లో దొరుకుతుంది. అద్దె గ్రైండర్‌తోనో, ఇంటి వంటగదిలోనో చేసిన పిండిని పది షాపుల్లో ఆరు వారాలు అమ్మి చూపించమని అడగవచ్చు. ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ చిన్న తయారీదారుకూ దొరుకుతుంది కాబట్టి ఇది నియమాలకు లోబడే చేయవచ్చు. ఆ ఆరు వారాల బిల్లు పుస్తకం, వాపసు చీటీలు, కరెంట్ అకౌంట్‌లో పడిన యూపీఐ జమలు పక్కపక్కన పెట్టి చూడాలి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మొదటి వారం బిల్లు చూసి మోసపోకూడదు. మొదటిసారి పెట్టే సరుకు షాపులోని అరను నింపుతుంది, అది ఇంకా అమ్మకం కాదు. పరిచయం కొద్దీ, మొహమాటం కొద్దీ కూడా మొదటి ఆర్డరు ఇస్తారు. రెండో వారం ఎన్ని తీసుకున్నారు, మూడో వారం ఎన్ని, ఆరో వారానికి ఎన్ని షాపులు ఇంకా తీసుకుంటున్నాయి, వాటి వాపసు తగ్గుతోందా పెరుగుతోందా అన్నది చూడాలి. పది షాపుల్లో ఆరు షాపులు ఆరో వారంలోనూ రోజుకు నాలుగేసి తీసుకుంటుంటే, అది రెండున్నర లక్షల ఇళ్ల లెక్కకన్నా బలమైన సాక్ష్యం. మిగిలిన నాలుగు షాపులు ఎందుకు మానేశాయో యజమాని స్పష్టంగా చెప్పగలిగితే అది మరీ మంచి సాక్ష్యం.

ఇప్పుడు మరో కోణం చెప్పాలి. కొన్ని రిపోర్టుల్లో అమ్మకాల నుంచి అప్పు పుట్టదు, అప్పు నుంచి అమ్మకాలు పుడతాయి. కావాల్సిన అప్పు ముందు నిర్ణయించుకుని, దానికి సరిపడా అమ్మకాలు వెనక్కి లెక్కగట్టి రాస్తారు. దీనికి మన నియమాల్లోనే ఒక ద్వారం ఉంది. పి.ఆర్. నాయక్ కమిటీ సిఫారసుల నుంచి వచ్చిన పద్ధతి ప్రకారం చిన్న పరిశ్రమలకు అంచనా టర్నోవర్‌లో 20 శాతం వర్కింగ్ క్యాపిటల్‌గా ఇస్తున్నాం. చిన్న పరిశ్రమ నిర్వహణ డబ్బు లేక ఆగిపోకూడదన్న మంచి ఉద్దేశంతో పెట్టిన నియమం అది. కానీ అందులో కీలకమైన మాట "అంచనా". 2 కోట్ల 8 లక్షలకు 20 శాతమంటే 41 లక్షల 60 వేలు. నిజమైన 48 లక్షలకు 9 లక్షల 60 వేలే. ఆ తేడా 32 లక్షలు ఎక్కడికి వెళుతుంది? వారం పది రోజుల్లో డబ్బు తిరిగొచ్చే పిండి వ్యాపారంలో అంత సరుకు నిల్వ ఉండదు, అంత బాకీ బయట ఉండదు. ఆ డబ్బు నష్టాలు పూడ్చడానికో, షెడ్డు కట్టడానికో, పాత చేబదులు తీర్చడానికో పోతుంది. వెనక్కి కట్టిన లెక్కకు గుర్తులుంటాయి. యంత్రాల సామర్థ్యంలో మొదటి ఏడు 60 శాతం, తర్వాత 70, తర్వాత 80 అంటూ మెట్లుమెట్లుగా వెళ్లే వినియోగం. అమ్మకాలు ఎంత పెరిగినా ప్రతి ఖర్చూ అదే శాతంలో ఉండటం. వాయిదా చెల్లింపు సామర్థ్యం అధికారులకు ఎంత కావాలో సరిగ్గా అంత తేలడం. యంత్రం ఎంత చేయగలదన్నది తయారీ లెక్క, మనుషులు ఎంత కొంటారన్నది అమ్మకపు లెక్క. మొదటిదాన్ని తెచ్చి రెండోదాని స్థానంలో పెట్టిన ప్రతి చోటా అధికారి ఆగి అడగాలి.

దీనికి కొన్ని అభ్యంతరాలు వస్తాయి. మొదటిది: కొత్త వ్యాపారానికి గతం ఉండదు, గతం లేని చోట రుజువు అడిగితే ఎవరికీ అప్పు దొరకదు, రేపటి పెద్ద సంస్థలన్నీ మొదట నమ్మశక్యం కానివే. ఇందులో కొంత న్యాయముంది. కానీ గతం లేకపోవడం వేరు, ఆధారం లేకపోవడం వేరు. ఇదే పిండి వ్యాపారంలో నేడు పెద్ద పేరున్న ఐడీ ఫ్రెష్ ఫుడ్ సంస్థ 2005లో బెంగళూరులో మొదలైనప్పుడు, స్థాపకులు చెప్పిన ప్రకారమే చిన్న గదిలో పిండి రుబ్బి 20 షాపుల వరకు వేసేది. నగరంలో నూటికి ఒక్క ఇల్లు అన్న చోటి నుంచి అది బయల్దేరలేదు. ఇంకో మాట. వాటా పెట్టే పెట్టుబడిదారుడు పది సంస్థల్లో పెట్టి, తొమ్మిది పోయినా పదోది వంద రెట్లు ఎదిగితే గెలుస్తాడు. బ్యాంకుకు ఆ వాటా లేదు. వ్యాపారం వంద రెట్లు ఎదిగినా బ్యాంకుకు వచ్చేది ఆ పదిన్నర శాతం వడ్డీయే. ఒక్క ఖాతా మునిగితే దాన్ని పూడ్చడానికి ఎన్నో మంచి ఖాతాల వడ్డీ కావాలి. పైగా ఆ డబ్బు డిపాజిటర్లది. కాబట్టి బ్యాంకు అధికారి ఎంత ఎదగవచ్చు అన్న వైపు కాకుండా, ఎంత తగ్గినా వాయిదా వస్తుందన్న వైపు నుంచి చదవడం పిసినారితనం కాదు, అతని స్థానానికి తగిన చదువు.

రెండో అభ్యంతరం: సీజీటీఎంఎస్ఈ హామీ ఉంది కదా, అంత శోధన ఎందుకు? 2000లో కేంద్ర ప్రభుత్వమూ సిడ్బీ కలిసి నెలకొల్పిన ఆ ట్రస్ట్ హామీ, తాకట్టు పెట్టడానికి ఏమీ లేని లక్షలమందికి అప్పు దొరికేలా చేసింది. కానీ ఆ హామీ బ్యాంకు నష్టంలో కొంత భాగాన్ని భరిస్తుంది, అప్పు తీసుకున్న మనిషి బాకీని రద్దు చేయదు. 90 రోజులు వాయిదా రాకపోతే ఖాతా నిరర్థకమవుతుంది. ఆ మచ్చ ఆ మనిషి క్రెడిట్ చరిత్రలో పడుతుంది. తర్వాత ఆ మనిషి ఇంటి అప్పుకు వెళ్లినా, పిల్లల చదువు అప్పుకు సంతకం పెట్టబోయినా అది ఎదురొస్తుంది. మార్జిన్ కోసం పెట్టిన డబ్బు కుటుంబం కూడబెట్టినదో, నగలు అమ్మగా వచ్చినదో అయివుంటుంది. అసహజమైన అంచనాను ఆమోదించడం ఉదారత అనిపించవచ్చు. అసలు కట్టలేని నెల నుంచి అసలు అడిగే ఏర్పాటుకు ఒక కుటుంబం చేత సంతకం పెట్టించడం ఉదారత అనిపించుకోదు.

మూడోది: అధికారికి పిండి వ్యాపారం తెలియదు, రేపు సాఫ్ట్‌వేర్ తెచ్చేవాళ్లు వస్తారు, అన్నిటిలో నిపుణుడు ఎలా అవుతాడు? నిపుణుడు కానక్కర్లేదు. ప్రతి వ్యాపారంలోనూ అమ్మకం ఒక మనిషి చేసే పనుల గొలుసే. ఇక్కడ షాపులూ, వ్యాన్ చుట్లూ, వాపసులూ ఉన్నాయి. నెలవారీ రుసుముతో సాఫ్ట్‌వేర్ ఇచ్చే సంస్థలో కొత్తగా చేరేవాళ్లూ, మానేసేవాళ్లూ ఉంటారు. ఉదాహరణకు నెలకు 100 మంది చొప్పున చేరతారని, రెండేళ్లకు 2,400 మంది అవుతారని రిపోర్టు రాసిందనుకోండి. ఉన్నవాళ్లలో నెలకు నూటికి 8 మంది మానేస్తే రెండేళ్లకు మిగిలేది సుమారు 1,080 మంది. ఎన్నేళ్లు గడిచినా ఆ సంఖ్య 1,250 దాటదు, ఎందుకంటే అక్కడ నెలకు మానేసేవాళ్లు కూడా సరిగ్గా 100 మంది అవుతారు. పై నుంచి ఎంత పోసినా అడుగున చిల్లు ఉన్న కుండ నిండదు. దీనికి సాఫ్ట్‌వేర్ పరిజ్ఞానం అక్కర్లేదు. "మానేసేవాళ్లు ఎందరు" అన్న ప్రశ్న అడగాలని తోస్తే చాలు. ఆ వ్యాపారంలో చాలా ఏళ్లుగా ఉన్న మన బ్యాంకు ఖాతాదారులే ఒకరిద్దరుంటారు. వాళ్లను అడిగితే వాపసు ఎంత ఉంటుందో, షాపు బాకీ ఎన్నాళ్లకు వస్తుందో పావుగంటలో చెబుతారు.

ఇక ఈ పిండి యూనిట్‌కు అధికారి ఏం రాయాలి? నేనైతే ఇలా రాయడం న్యాయమంటాను. అసలు చెల్లింపుకు ఆరు నెలలు కాదు, ఏడాది మారటోరియం. 40 లక్షలూ ఒకేసారి కాకుండా, మొదట గ్రైండర్లకూ చల్లటి గదికీ వ్యాన్‌కూ. పెద్ద ప్యాకింగ్ యంత్రానికి ఉంచిన భాగం, 40 షాపులు మూడు నెలలు నిలకడగా తీసుకున్నాక. వర్కింగ్ క్యాపిటల్ 41 లక్షలు కాదు, 10 లక్షల లోపు, జీఎస్టీ రిటర్నుల్లో అమ్మకాలు పెరిగిన కొద్దీ పెంచే వీలుతో. మొదటి ఏడాది యజమాని ఇల్లు ఏ డబ్బుతో గడుస్తుందో అడిగి, దానికి సమాధానం ఫైలులో. చివరగా, ఖాతాను కనిపెట్టుకుని ఉండటానికి ఒకే ఒక్క అంకె, రోజుకు 280 ప్యాకెట్లు. ప్రతి నెలా ఆ అంకె ఎక్కడుందో యజమానీ బ్యాంకూ కలిసి చూసుకుంటే, వాయిదా తప్పకముందే చిక్కు తెలుస్తుంది. షాపులు తగ్గాయా, వాపసు పెరిగిందా, ధర తగ్గించారా అన్నది అప్పుడే సరిదిద్దుకోవచ్చు.

2 కోట్ల 8 లక్షలు అన్న అంకెను పట్టుకుని ఎవరూ ఏ పనీ చేయలేరు. 70 షాపులు, షాపుకు నాలుగు ప్యాకెట్లు అంటే మాత్రం రేపు తెల్లవారుజామున వ్యాన్ తాళాలు తీసుకునే మనిషికి తాను ఎక్కడికి వెళ్లాలో, ఎన్ని వేయాలో తెలుస్తుంది. అంచనా ఆ మనిషికి అర్థమయ్యే మాటల్లోకి వచ్చేదాకా విడగొట్టండి. అక్కడిదాకా రాని అంకె మీద సంతకం చేయకండి.